సహజ యురేనియం భారజలంతోనే ఎందుకు మండుతుంది, మామూలు నీళ్లతో ఎందుకు మండదు: తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్ర తీరంలోని తారాపూర్‌లో ఒకే చోట రెండు రకాల అణు రియాక్టర్లు ఉన్నాయి. 1969లో మొదలైన 1, 2 యూనిట్లలో మామూలు నీళ్లు ఉంటాయి. వాటికి విదేశాల నుంచి తెచ్చిన ఎన్‌రిచ్డ్ యురేనియం కావాలి. 2005, 2006లలో వచ్చిన 4, 3 యూనిట్లలో ఉండేది భారజలం, అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు. వాటికి గనిలో దొరికిన యురేనియం దాని సహజ నిష్పత్తిలోనే సరిపోతుంది. ఈ రెండు రకాల ఇంధన కట్టలూ హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లోనే తయారయ్యాయి. ఒకే మూలకం, ఒకే ఊరి ఫ్యాక్టరీ. తేడా అంతా నీళ్లలో ఉంది. ఫిజిక్స్ చదివే పిల్లలూ, పేపర్లో వార్త చూసి ఫోన్ చేసే స్నేహితులూ నన్ను అడిగే ప్రశ్నలు చాలావరకు ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

ఎన్‌రిచ్‌మెంట్ అంటే యురేనియాన్ని శుద్ధి చేయడమేనా?

కాదు. మన పేపర్లు ‘యురేనియం శుద్ధి’ అని రాయడం వల్ల వచ్చిన తికమక ఇది. శుద్ధి అంటే మలినాలు తీసేయడం. ఆ పని వేరే ఉంది, అన్ని రియాక్టర్ల ఇంధనానికీ తప్పదు. కడప జిల్లా తుమ్మలపల్లె ఖనిజంలోంచి యురేనియాన్ని వేరుచేసినా, హైదరాబాద్‌లో దాన్ని ఇంకా శుభ్రం చేసి యురేనియం డయాక్సైడ్ పొడిగా మార్చినా, అదంతా శుద్ధే. బోరాన్, కాడ్మియం లాంటివి లక్షల్లో ఒక వంతు ఉన్నా న్యూట్రాన్లను మింగేస్తాయి కాబట్టి ఆ శుభ్రత చాలా కఠినంగా ఉంటుంది.

కానీ ఎంత శుద్ధి చేసినా యురేనియంలో రెండు రకాల పరమాణువులు కలిసే ఉంటాయి. బరువులో ప్రతి 1000 గ్రాములకు సుమారు 7 గ్రాములు యురేనియం-235, మిగతాదంతా యురేనియం-238. రసాయనికంగా రెండూ దాదాపు ఒకటే. ఏ ఆమ్లమూ ఒకదాన్ని కరిగించి ఇంకోదాన్ని వదిలేయదు. నెమ్మదైన న్యూట్రాన్ తగిలితే పగిలేది 235 ఒక్కటే. దాని వాటాను 0.7 శాతం నుంచి 3, 4, 5 శాతానికి పెంచడమే ఎన్‌రిచ్‌మెంట్. బియ్యంలో రాళ్లు ఏరడం లాంటిది కాదిది. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు రకాల బియ్యం కలిసిపోతే, గింజ బరువులో ఒక్క శాతం పైచిలుకు తేడాను పట్టుకుని ఒక రకం పాలు పెంచడం లాంటిది.

అసలు రియాక్టర్లో నీళ్ల పనేంటి? వేడి తీసుకుపోవడానికే కదా?

వేడి తీసుకుపోవడం ఒక పని. ఇంకో పని, ఈ కథకు అసలైనది, న్యూట్రాన్లను నెమ్మదింపజేయడం. పాఠ్యపుస్తకాల్లో దీన్ని మితకారి అంటారు. వాడుకలో మోడరేటరే.

యురేనియం-235 పగిలినప్పుడు సగటున రెండున్నర న్యూట్రాన్లు బయటికొస్తాయి. అవి పుట్టినప్పుడు సెకనుకు సుమారు 20,000 కిలోమీటర్ల వేగంతో ఉంటాయి. ఆ వేగంలో ఉన్నదాన్ని 235 కేంద్రకం పట్టుకునే అవకాశం చాలా తక్కువ. అదే న్యూట్రాన్ చుట్టుపక్కల అణువులకు గుద్దుకుంటూ నెమ్మదించి సెకనుకు 2.2 కిలోమీటర్లకు దిగితే, పట్టుబడే అవకాశం కొన్ని వందల రెట్లు పెరుగుతుంది. 1000లో 7 మాత్రమే ఉన్న 235, మిగతా 993 మంది గుంపులో తన వంతు లాక్కోగలిగేది ఈ నెమ్మది న్యూట్రాన్ల దగ్గరే.

నెమ్మదింపజేయాలంటే తేలికైన అణువు కావాలి. గోళీలాటలో చూసే ఉంటారు. ఒక గోళీ ఇంకో గోళీని నేరుగా కొడితే కొట్టింది అక్కడే ఆగిపోతుంది, తగిలింది ఎగిరిపోతుంది. అదే గోళీ గోడకు తగిలితే దాదాపు అదే వేగంతో వెనక్కి వస్తుంది. హైడ్రోజన్ కేంద్రకం బరువు న్యూట్రాన్ బరువుతో దాదాపు సమానం. అందుకే మామూలు నీళ్లలో ఇరవైకి అటూఇటూ దెబ్బల్లో న్యూట్రాన్ నెమ్మదిస్తుంది. భారజలంలోని హైడ్రోజన్‌ను డ్యుటీరియం అంటారు. దాని బరువు రెండింతలు కాబట్టి భారజలంలో 35 దెబ్బల వరకు పడతాయి.

ఇంతవరకు చూస్తే మామూలు నీళ్లే మెరుగు. నేను చదువుకునే రోజుల్లో ఈ పేరా దగ్గరే ఆగిపోయి, భారజలం ఎందుకో అర్థంకాక చాలాకాలం తిప్పలు పడ్డాను.

మరి మామూలు నీళ్లతో చిక్కెక్కడ?

నీళ్లు న్యూట్రాన్లను నెమ్మదింపజేయడమే కాదు, మింగుతాయి కూడా. హైడ్రోజన్ కేంద్రకంలో ఉన్నది ఒక్క ప్రోటాన్. దారిన పోయే న్యూట్రాన్‌ను అది అప్పుడప్పుడు పట్టుకుని తనే డ్యుటీరియం అయిపోతుంది. భారజలంలో ఆ పని ముందే అయిపోయింది. డ్యుటీరియంలో న్యూట్రాన్ ఒకటి ఇప్పటికే ఉంది, ఇంకోటి పట్టుకోవాలన్న ఆత్రం దానికి చాలా తక్కువ. ఒక్కో అణువు చొప్పున చూస్తే మామూలు హైడ్రోజన్ డ్యుటీరియం కన్నా 600 రెట్లకు పైగా మింగుతుంది.

అయితే ‘మింగుతుంది’ అనగానే అయిపోదు. ఎంత మింగితే ఎంత నష్టం, మన దగ్గర ఎంత మిగులుంది అనేది చూడాలి. అది జమాఖర్చుల లెక్క.

ఆ లెక్క ఎలా వేయాలి?

సహజ యురేనియం 100 నెమ్మది న్యూట్రాన్లను మింగిందనుకోండి. అందులో సుమారు 35 యురేనియం-238లోకి పోయి వృథా అవుతాయి. అక్కడ చివరికి ప్లుటోనియం పుడుతుంది, దాని సంగతి తర్వాత. 9, 10 న్యూట్రాన్లను 235 పట్టుకున్నా పగలదు, ఊరికే మింగి ఊరుకుంటుంది. మిగిలిన 55 మాత్రమే 235ను పగలగొడతాయి. ఒక్కో పగులుకు 2.43 చొప్పున 55 పగుళ్లకు 134 కొత్త న్యూట్రాన్లు వస్తాయి.

పెట్టుబడి 100, రాబడి 134. చెయిన్ రియాక్షన్ ఆగకుండా సాగాలంటే వీటిలో 100 మళ్లీ యురేనియంలోకే చేరాలి. అంటే ఖర్చు పెట్టుకోవడానికి ఉన్నది 34. నీళ్లు మింగేది, ఇంధనం చుట్టూ ఉన్న లోహపు గొట్టాలు మింగేది, రియాక్టర్ అంచుల నుంచి బయటికి పారిపోయేది, దారి మధ్యలో 238 లాక్కునేది, అన్నీ ఈ 34లోనే సర్దుకోవాలి. వేగంగా ఉన్న న్యూట్రాన్లు కొన్ని 238ను కూడా పగలగొడతాయి కాబట్టి ఓ నాలుగైదు అదనంగా వస్తాయి. వాటినీ కలిపి 138 అనుకుందాం.

ఇక దారి మధ్యలో లాక్కోవడం సంగతి. న్యూట్రాన్ పుట్టుక వేగం నుంచి నెమ్మది వేగానికి దిగే దారిలో గుంటలుంటాయి. న్యూట్రాన్ శక్తి 37, 21, 6.7 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరున్నప్పుడు యురేనియం-238 దాన్ని విపరీతంగా లాక్కుంటుంది. వీటిని రెజొనెన్స్‌లంటారు. ఆ శక్తిలో ఉన్నప్పుడు యురేనియం ఎదురుపడితే న్యూట్రాన్ అయిపోయినట్టే. తప్పించుకోవాలంటే యురేనియానికి దూరంగా, నీళ్ల మధ్యలో ఉండగా ఆ గుంటలు దాటేయాలి. అందుకే ఇంధనాన్ని నీళ్లలో పొడిలా కలపరు. కడ్డీలుగా చేసి, మధ్యలో నీళ్లకు చోటిచ్చి నిలబెడతారు.

మామూలు నీళ్లు పోసి లెక్క వేస్తే ఏమవుతుంది?

ఇవి రఫ్ లెక్కలు. కడ్డీల మందాన్ని బట్టి అంకెలు అటూఇటూ అవుతాయి, వాటి తీరు మాత్రం మారదు.

ఇంధనం పరిమాణానికి రెండింతల నీళ్లు పోశామనుకోండి. 138 న్యూట్రాన్లు బయలుదేరతాయి. గుంటల్లో ఐదో వంతు పోతే 110 మిగులుతాయి. అవి నెమ్మదించి తిరుగుతుంటే, యురేనియం 100 మింగే లోపు నీళ్లు 25 మింగుతాయి. అంటే కావలసింది 125, ఉన్నది 110. లోహపు గొట్టాలు, అంచుల నుంచి పారిపోయేవి ఇంకా లెక్కలోకే రాలేదు. రియాక్షన్ ఆరిపోతుంది.

నీళ్లే మింగుతున్నాయి కదా, సగం చేద్దాం అంటారు ఎవరైనా. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు, మంచి ప్రశ్న. సగం చేస్తే నీళ్లు మింగేది 12, 13కు తగ్గుతుంది, నిజమే. కానీ కడ్డీలు దగ్గరికి జరిగాయి. న్యూట్రాన్ పూర్తిగా నెమ్మదించకముందే, గుంటల శక్తిలో ఉండగానే పక్క కడ్డీలోకి దూరిపోతుంది. నష్టం మూడో వంతుకు పెరుగుతుంది. 138లో 92 మిగులుతాయి, కావలసింది 113.

పోనీ నీళ్లను ఇంధనానికి నాలుగింతలు చేద్దాం. గుంటల నష్టం పదో వంతుకు దిగి 124 మిగులుతాయి. ఈసారి నీళ్లు మింగేది 50, కావలసింది 150. ఒకవైపు నూయి, ఇంకోవైపు గొయ్యి. మధ్యలో ఎక్కడ నిలబడినా రాబడి ఖర్చును అందుకోదు. ఎంత నేర్పుగా కడ్డీలు అమర్చినా సహజ యురేనియం, మామూలు నీళ్ల జోడీలో రాబడికీ ఖర్చుకూ ఉన్న నిష్పత్తి 1కి దగ్గరగా వచ్చి దాని కిందే ఆగిపోతుంది. కొద్దిలో తప్పిపోతుందన్న మాటే కానీ, అణు రియాక్టర్లో కొద్దిలో తప్పడమంటే అసలు వెలగకపోవడమే.

భారజలంతో అదే లెక్క ఎలా కుదురుతుంది?

మనదేశంలోని 220 మెగావాట్ల భారజల రియాక్టర్నే తీసుకుందాం. నరోరా, కైగా, కాక్రాపార్ లాంటి చోట్ల ఉన్నవి ఇవి. పడుకోబెట్టిన పెద్ద పీపా లాంటి తొట్టి, దాన్ని కలాండ్రియా అంటారు. అందులో 306 అడ్డ గొట్టాలు. ఒక గొట్టం నడిమి నుంచి పక్క గొట్టం నడిమికి దూరం 22.86 సెంటీమీటర్లు, అంటే దాదాపు జానెడు. ఒక్కో గొట్టంలో 12 ఇంధన కట్టలు వరసగా తోసి ఉంటాయి. ఒక్కో కట్ట మూరెడు పొడవుంటుంది. వేలి లావు కడ్డీలు 19 గుండ్రంగా పేర్చి, రెండు చివర్లా జిర్కోనియం పళ్లెం అతికించి ఉంటాయి. చేతుల్లోకి తీసుకుంటే పదహారు కిలోల పైచిలుకు, చిన్న గ్యాస్ సిలిండరంత కూడా లేని దానికి ఆ బరువేంటా అనిపిస్తుంది. గొట్టాల మధ్య ఖాళీ అంతా భారజలమే.

జానెడు ఎడం ఉండడం వల్ల భారజలం ఇంధనానికి 14 రెట్లు ఉంటుంది. దెబ్బలు ఎక్కువ పడినా ఫర్వాలేదు, చోటుంది. గుంటలన్నీ నీళ్ల మధ్యలోనే దాటేసి న్యూట్రాన్లు నింపాదిగా ఇంధనానికి తిరిగొస్తాయి. గుంటల నష్టం పదో వంతు దగ్గరే ఆగుతుంది. 138లో 124 మిగులుతాయి. ఇక నీళ్లు మింగేది ఎంత? యురేనియం 100 మింగే లోపు 14 రెట్ల భారజలం మింగేది ఒక్క న్యూట్రాన్, అంతే. అదే చోట మామూలు నీళ్లు పోసి ఉంటే 170 దాకా మింగేవి.

124లో యురేనియానికి 100, భారజలానికి 1, గొట్టాలకు ఐదారు, అంచుల నుంచి పారిపోయేవి మూడు నాలుగు. ఇంకా డజను పైనే చేతిలో ఉంటాయి. యురేనియం పగిలాక మిగిలే జెనాన్ లాంటి విచ్ఛిత్తి బూడిద మింగడానికీ, 235 తరిగిపోతున్నా కొన్నాళ్లు నెట్టుకురావడానికీ అవే ఆధారం.

ఆ ‘కొన్నాళ్లు’ పెద్ద పరిమితి. మిగులు కొద్దిగానే ఉంది కాబట్టి కట్టలు త్వరగా అయిపోతాయి. మామూలు నీళ్ల రియాక్టర్లా ఏడాదికో ఏడాదిన్నరకో ఒకసారి ఆపి ఇంధనం మార్చుకుందామంటే కుదరదు. అందుకే భారజల రియాక్టర్లు నడుస్తుండగానే ఇంధనం మార్చుకుంటాయి. గొట్టానికి రెండు చివర్లా రెండు యంత్రాలు వచ్చి బిగుసుకుని, ఒకటి కొత్త కట్టలు తోస్తుంటే ఇంకోటి అవతల పాతవి అందుకుంటుంది. ఈ పని దాదాపు రోజువారీ వ్యవహారం. బయటికొచ్చిన కట్టలో 235 వాటా 0.7 నుంచి 0.2 శాతం చిల్లరకు పడిపోయి ఉంటుంది. ఈలోపు 238లో పుట్టిన ప్లుటోనియం కూడా కొంత అక్కడికక్కడే పగిలి వేడిచ్చేసి ఉంటుంది. మొత్తంగా ఒక్క కట్ట నుంచి ఆరు లక్షల యూనిట్లకు పైగా కరెంటు వస్తుంది.

భారజలాన్ని ఎలా తయారుచేస్తారు? నీళ్లను మరిగిస్తే వస్తుందా?

ప్రపంచంలో ఏ నీళ్లు తీసుకున్నా వాటిలో 6,000, 7,000 హైడ్రోజన్లకు ఒకటి డ్యుటీరియం ఉంటుంది. గోదావరిలోనూ ఉంది, మీ బిందెలోనూ ఉంది. దాన్ని పోగుచేయాలి, అంతే. ఉత్త మరిగించడంతో మొదలుపెడితే ఖర్చుకు అంతుండదు. అందుకని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గరున్న ప్లాంటులో గోదావరి నీళ్లనూ, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునూ ఎదురెదురుగా నడుపుతారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చేది ఆ వాయువే. కాస్త మోతాదు పెరిగితే ప్రాణాలు తీస్తుంది కాబట్టి అక్కడి జాగ్రత్తల్లో సగం దాని గురించే. 30 డిగ్రీల దగ్గర డ్యుటీరియం నీళ్లలోకి చేరడానికి మొగ్గుచూపుతుంది, 130 డిగ్రీల దగ్గర ఆ మొగ్గు తగ్గి వాయువులోకి జారుకుంటుంది. చల్లని టవరు కింద వేడి టవరు పెట్టి వాయువును తిప్పుతూ ఉంటే డ్యుటీరియం మధ్యలో పోగవుతుంది. అలా కొంత చిక్కబడ్డాక చివరి మెట్లు మాత్రం స్వేదనంతో ఎక్కి 99.8 శాతం దాకా తీసుకెళ్తారు.

నా దృష్టిలో ఇక్కడే అసలు విషయం ఉంది. ‘సహజ యురేనియం రియాక్టర్‌కు ఎన్‌రిచ్‌మెంట్ అక్కర్లేదు’ అంటుంటారు. అక్కర్లేకపోవడమేం లేదు. ఇంధనాన్ని ఎన్‌రిచ్ చేయడం మానేసి నీళ్లను ఎన్‌రిచ్ చేస్తున్నాం. హైడ్రోజన్, డ్యుటీరియాల బరువులో రెండింతల తేడా ఉండడంతో వేరుచేయడం యురేనియంతో పోలిస్తే సులువు. పైగా యురేనియం మండి అయిపోతుంది, ప్రతిసారీ కొత్తగా ఎన్‌రిచ్ చేయాల్సిందే. భారజలాన్ని ఒక్కసారి, రియాక్టర్‌కు రెండు వందల టన్నుల పైచిలుకు, నింపితే ఏళ్ల తరబడి అదే ఉంటుంది. కారిపోయినంతే మళ్లీ పోయాలి. 1960ల్లో చేతిలో ఎన్‌రిచ్‌మెంట్ ప్లాంటు లేని దేశానికి ఈ దారి నచ్చడంలో ఆశ్చర్యం లేదు. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత తారాపూర్ 1, 2కు అమెరికా ఇంధనం ఆగి, ఫ్రాన్స్‌నూ తర్వాత ఇంకొందరినీ అడగాల్సి వచ్చినప్పుడు ఆ ఎంపిక విలువ ఇంకా తెలిసొచ్చింది. కెనడా కూడా అప్పుడే సాయం ఆపేసింది కానీ, భారజలం మన దగ్గరే చేసుకోవచ్చు కాబట్టి ఆ రకం రియాక్టర్ల పని సాగింది.

భారజలంలో కాస్త మామూలు నీళ్లు కలిస్తే ఏమవుతుంది?

ఇది కాగితం మీది ప్రశ్న కాదు, రియాక్టర్ నడిపేవాళ్లకు నిత్యం ఉండే టెన్షన్. ఎక్కడో సీలు దగ్గర భారజలం ఆవిరిగా కారుతుంది. ఖరీదైన సరుకు, పైగా అందులో ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ ఉంటుంది, గాలికి వదిలేయలేరు. గదిలోని గాలిని ఆరబెట్టి ఆ తేమను పట్టుకుంటారు. కానీ ఆ తేమలో వాతావరణం నుంచి వచ్చిన మామూలు నీళ్లూ ఉంటాయి. పట్టుకున్నదాన్ని అలాగే తిరిగి పోస్తే చిక్కని పాలలో నీళ్లు కలిపినట్టే.

ఎంత కలిస్తే నష్టం? మోడరేటర్లోని భారజలం 99.75 శాతం ఉందనుకోండి. ఆ మిగిలిన పావు శాతం మామూలు నీళ్లు మింగే న్యూట్రాన్లు, 99.75 శాతం భారజలం మింగేదాని కన్నా ఎక్కువ. ఇంకో 0.1 శాతం కల్తీ అయితే మన వంద లెక్కలో 0.2, 0.3 న్యూట్రాన్లు అదనంగా పోతాయి. చిన్నదే అనిపిస్తుంది. కానీ చేతిలో ఉన్న మిగులే డజను. అందులోంచి కోత పడితే కట్టలను ఇంకా ముందే బయటికి తీయాలి, అదే కరెంటుకు ఎక్కువ కట్టలు ఖర్చవుతాయి.

శాంపిల్ తీసి ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపి చూస్తే శాతం తెలిసిపోతుంది, మామూలు నీళ్లూ భారజలమూ వేర్వేరు రంగుల పరారుణ కాంతిని పీల్చుకుంటాయి. పల్చబడిన భారజలాన్ని పక్కకు తీసి, ప్లాంటులోనే ఉండే అప్‌గ్రేడింగ్ టవర్లలో తక్కువ పీడనం దగ్గర స్వేదనం చేసి మళ్లీ చిక్కబరుస్తారు.

నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. తారాపూర్ 3, 4 యూనిట్లలో పవర్ సర్దడానికి భారజలం మధ్యలో కొన్ని నిలువు గదులు పెట్టారు, వాటిలో ఉండేది మామూలు నీళ్లే. ఆ నీటి మట్టం పెంచితే న్యూట్రాన్లు మింగబడి పవర్ తగ్గుతుంది, దించితే పెరుగుతుంది. పక్కనే 1, 2 యూనిట్లలో చెయిన్ రియాక్షన్‌ను నిలబెట్టేది ఏ నీళ్లో, ఇక్కడ బ్రేకు వేసేది ఆ నీళ్లే.

ఎన్‌రిచ్ చేస్తే మామూలు నీళ్లతో లెక్క ఎలా మారుతుంది?

235ను 3 శాతానికి పెంచి చూద్దాం. ఇప్పుడు యురేనియం 100 న్యూట్రాన్లు మింగితే వచ్చేవి 134 కాదు, దాదాపు 184. రెండో లాభం చాలామంది గమనించరు. 235 పెరగడంతో ఇంధనం మొత్తంగా న్యూట్రాన్లను లాక్కునే బలం మూడింతలైంది. నీళ్లు అవే. అందుకని రెండింతల నీళ్లు పోసినా, యురేనియం 100 మింగే లోపు నీటికి దక్కేది 25 కాదు, 8. రాబడి పెరిగింది, ఖర్చు తగ్గింది. గుంటల నష్టం పోగా సుమారు 150 మిగులుతాయి, కావలసింది 108. ఆ మిగులుతోనే ఏడాదిన్నర పాటు మూత తీయకుండా నడుస్తాయి మామూలు నీళ్ల రియాక్టర్లు.

ఇంకా పెంచుకుంటూ పోతే? 5 శాతంలో 193. పూర్తిగా 235 అయినా 208 మించదు. మొదటి రెండు మూడు శాతంలోనే అసలు లాభమంతా వచ్చేస్తుంది. కరెంటు కోసం నడిపే రియాక్టర్లు 5 శాతం దగ్గరే ఆగడానికి ఇదొక కారణం.

ఒక కిలో ఎన్‌రిచ్డ్ యురేనియానికి ఎంత సహజ యురేనియం పడుతుంది?

ముందుగా యురేనియాన్ని ఫ్లోరిన్‌తో కలిపి హెక్సాఫ్లోరైడ్ చేస్తారు. 56 డిగ్రీల దగ్గర అది ఘనం నుంచి నేరుగా వాయువు అయిపోతుంది. ఫ్లోరిన్‌లో సహజంగా ఒకే రకం పరమాణువు ఉండడం అదృష్టం, బరువులో ఏ తేడా ఉన్నా అది యురేనియందే. 235 ఉన్న అణువు బరువు 349, 238 ఉన్నది 352. ఆ మూడు పాళ్ల తేడాను పట్టుకుని, వాయువును అతివేగంగా తిరిగే సెంట్రిఫ్యూజ్ గొట్టాల్లో తిప్పితే బరువైనది గోడవైపు కాస్త ఎక్కువగా చేరుతుంది. ఒక్క గొట్టంలో జరిగేది చాలా కొద్ది, అందుకే వేలకొద్దీ వరసలు.

లెక్క మాత్రం సులువు. 4 శాతం సరుకు కావాలి, తీసేసిన తవుడులో 0.25 శాతం 235 మిగిలిపోయిందనుకోండి. 4 లోంచి 0.25 తీస్తే 3.75. బరువు లెక్కలో సహజమైన 0.711 లోంచి 0.25 తీస్తే 0.461. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 8.1. అంటే ఒక కిలో ఇంధనానికి ఎనిమిది కిలోల సహజ యురేనియం, పక్కన ఏడు కిలోల తవుడు.

మొత్తమ్మీద గనిలోంచి తీసిన యురేనియానికి ఏ దారిలో ఎక్కువ కరెంటు వస్తుంది?

భారజలం దారిలోనే, కాకపోతే తేడా జనం అనుకునేంత కాదు. భారజల రియాక్టర్లో ఒక టన్ను సహజ యురేనియం సుమారు 7,000 మెగావాట్-రోజుల వేడినిస్తుంది. మామూలు నీళ్ల రియాక్టర్లో టన్ను ఇంధనం 45,000 ఇస్తుంది. చూడగానే ఆరింతలు. కానీ ఆ టన్ను వెనక గనిలోంచి తీసిన ఎనిమిది టన్నులున్నాయి. పంచితే టన్నుకు 5,500. వాడేసిన ఇంధనం పోగుపడే లెక్క తీస్తే మాత్రం తారుమారవుతుంది, భారజల రియాక్టర్ నుంచి వచ్చే కట్టల టన్నులు ఎన్నో రెట్లు ఎక్కువ. అర్జెంటీనాలో అటూచా-1 భారజల రియాక్టర్‌కు తర్వాత 0.85 శాతం ఇంధనం వాడడం మొదలుపెట్టింది ఇందుకే. కొద్దిగా ఎన్‌రిచ్ చేస్తే కట్టలు చాలా ఎక్కువ కాలం మన్నుతాయి.

సహజ యురేనియం కట్టలను మామూలు నీళ్లలో ఉంచితే ప్రమాదమా?

చెయిన్ రియాక్షన్ విషయంలో ప్రమాదం లేదు. పైన వేసిన లెక్కే అభయం. ఎన్ని కట్టలు ఎలా పేర్చినా మామూలు నీళ్లలో రాబడి ఖర్చును అందుకోదు. ఎన్‌రిచ్డ్ యురేనియంతో ఆ నిశ్చింత లేదు. ఫ్యాక్టరీలో ఒక పాత్రలో ఎంత పోయాలి, పాత్ర ఎంత లావుండాలి అనేవి కూడా ముందే లెక్కగట్టి ఉంటాయి.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో జపాన్‌లోని టోకైమురాలో 1999 సెప్టెంబర్ 30న తెలిసింది. ఒక ఇంధన కర్మాగారంలో 18.8 శాతం ఎన్‌రిచ్ చేసిన యురేనియం ద్రావణాన్ని, పని త్వరగా అవుతుందని, సన్నని పాత్రలు వదిలేసి బకెట్లతో వెడల్పాటి తొట్టిలో పోశారు. సుమారు 16 కిలోల యురేనియం చేరేసరికి నీలి మెరుపు మెరిసి చెయిన్ రియాక్షన్ మొదలైంది. ఆ తొట్టి ఏ రియాక్టరూ కాదు, అందులో ఉన్నది ద్రావణంలోని మామూలు నీళ్లే. తొట్టి చుట్టూ చల్లబరచడానికి ఉన్న నీటి జాకెట్ బయటికి పోయే న్యూట్రాన్లను వెనక్కి తిప్పుతుండడంతో రియాక్షన్ దాదాపు 20 గంటలు సాగింది. ఆ జాకెట్లోని నీళ్లు తీసేశాకే ఆగింది. తర్వాత బోరిక్ ఆమ్లం పోశారు. ఇద్దరు కార్మికులు చనిపోయారు.

గ్రాఫైట్‌తో కూడా సహజ యురేనియం మండుతుందట, నిజమేనా?

నిజమే. 1942 డిసెంబర్ 2న షికాగోలో నడిచిన మొట్టమొదటి రియాక్టర్ అదే. గ్రాఫైట్‌లో ఉండే కార్బన్ న్యూట్రాన్లను తక్కువే మింగుతుంది. కానీ బరువైన అణువు కాబట్టి నెమ్మదించడానికి 100కు పైగా దెబ్బలు కావాలి, రియాక్టర్ భారీగా పెరుగుతుంది. గ్రాఫైట్లో బోరాన్ అంటు ఉంటే లెక్క మొత్తం తప్పుతుంది. యుద్ధకాలపు జర్మనీ గ్రాఫైట్‌ను పక్కనపెట్టి నార్వే భారజలం కోసం పాకులాడింది, ఆ మలినం వల్ల కొలత తప్పిపోయే.

సహజ యురేనియం మామూలు నీళ్లతో ఎప్పుడూ మండలేదా?

ఒకసారి మండింది, మనిషి పుట్టకముందు. 1972లో ఫ్రాన్స్‌లోని ఎన్‌రిచ్‌మెంట్ ప్లాంటులో రొటీన్‌గా కొలుస్తుండగా ఆఫ్రికాలోని గాబన్ నుంచి వచ్చిన యురేనియంలో 235 వాటా, పరమాణువుల లెక్కలో, 0.720 శాతం ఉండాల్సింది 0.717 వచ్చింది. మూడో దశాంశంలో తేడా. ప్రపంచంలో ఎక్కడ తవ్వినా ఈ అంకె మారదు కాబట్టి వదిలేయలేకపోయారు. ఆరా తీస్తూ ఓక్లో గని దాకా వెళ్తే, కొన్నిచోట్ల 235 ఇంకా బాగా తరిగిపోయి ఉంది, పక్కనే విచ్ఛిత్తి బూడిద ఆనవాళ్లు దొరికాయి.

సంగతేమిటంటే 235 సగం కావడానికి 70 కోట్ల ఏళ్లు పడుతుంది, 238కి 447 కోట్ల ఏళ్లు. వెనక్కి వెళ్లేకొద్దీ 235 వాటా పెరుగుతుంది. దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట భూమ్మీది యురేనియమంతా 3 శాతం పైనే ఉండేది, అంటే నేటి రియాక్టర్ ఇంధనమంత. ఓక్లోలో చిక్కటి ఖనిజంలోకి భూగర్భజలం ఇంకింది, చెయిన్ రియాక్షన్ రాజుకుంది. వేడికి నీళ్లు ఆవిరై పోగానే ఆరింది, చల్లబడి నీళ్లు మళ్లీ చేరగానే వెలిగింది. ఇలా లక్షల ఏళ్లు సాగింది. ఈరోజు అదే గనిలో అవే నీళ్లు ఇంకినా ఏమీ జరగదు.